ఒక కిలో ప్రొటీన్ లోటు

కోళ్ల దాణా మిల్లుకు ఒక ఆర్డర్ వచ్చిందనుకుందాం. పిల్లలకు మొదటి వారాల్లో పెట్టే దాణా కావాలి. వంద కిలోల దాణాలో సరిగ్గా 22 కిలోల ప్రొటీన్ ఉండాలి, తక్కువా వద్దు, ఎక్కువా వద్దు. మిల్లులో ఉన్నవి మూడే సరుకులు. మొక్కజొన్నలో నూటికి 9 వంతులు ప్రొటీన్, సోయా చెక్కలో 45, నూనె తీసిన తవుడులో 15 అని పెట్టుకుందాం. లోడు లోడుకూ ఈ అంకెలు కాస్త మారతాయి గానీ మన లెక్కకు ఇవి చాలు. సోయా ఖరీదైన సరుకు, పైగా సరఫరా తక్కువ. వంద కిలోల దాణాకు 20 కిలోలకు మించి వేయడానికి లేదు.

మేనేజరు కాగితం మీద ప్రయత్నాలు మొదలుపెడతాడు. సోయా 20, మొక్కజొన్న 80 వేస్తే ప్రొటీన్ 16.2 కిలోలు. మొక్కజొన్న సగం తీసి తవుడు పెడితే 18.6. ఇంకొంచెం తవుడు, ఇంకొంచెం ప్రొటీన్. పది కలగలుపులు చూశాక కూడా 22 రాలేదంటే అర్థం ఏమిటి? సరైన పాళ్లు ఇంకా దొరకలేదనా, అసలు అలాంటి పాళ్లే లేవనా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటిదైతే ఇంకా వెతకాలి, రెండోదైతే ఆర్డర్ ఇచ్చినవాడికి ఫోన్ చేయాలి. ఎన్ని ప్రయత్నాలు చేసినా ప్రయత్నాల వల్ల ఆ తేడా తేలదు. సరుకులు మూడే కాబట్టి ఇక్కడ చురుకైనవాడు కనిపెట్టేస్తాడు. సరుకులు ముప్ఫై, షరతులు నలభై ఉంటే ఎంతటివాడికైనా కంటికి ఆనదు.

ఈ తేడాను తేల్చే పద్ధతి ఒకటుంది. దాని పేరు రెండు దశల సింప్లెక్స్ పద్ధతి. సింప్లెక్స్‌ను అమెరికా వైమానిక దళానికి పనిచేస్తున్న జార్జ్ డాంట్‌జిగ్ 1947లో రూపొందించాడు. దాన్ని మొదట పరీక్షించిన పెద్ద లెక్కల్లో ఒకటి కూడా తిండి లెక్కే కావడం విశేషం. ఒక మనిషికి ఏడాది పాటు కావలసిన పోషకాలన్నీ అతి చవకగా ఎలా సమకూర్చాలన్న ప్రశ్నను ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1945లో ప్రచురించాడు. అందులో 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలు. సరైన పద్ధతి లేక ఊహతో లెక్కగట్టి, 1939 ధరల్లో ఏడాదికి 39.93 డాలర్లు అన్నాడు. రెండేళ్ల తర్వాత తొమ్మిదిమంది గుమాస్తాలు బల్లమీది లెక్కల యంత్రాలతో సింప్లెక్స్ పద్ధతిలో చేస్తే 39.69 తేలింది. మొత్తం 120 పనిదినాలు పట్టింది. తేడా పావు డాలరు కన్నా తక్కువే. స్టిగ్లర్ ఊహ అంత బాగా పేలింది. అయితే ఆ లెక్కకు జవాబు ఉందని ముందే తెలుసు. మన మిల్లు లెక్కకు ఆ భరోసా లేదు.

మన ఆర్డర్‌ను మూడు వరుసల్లో రాయవచ్చు.

```
మొక్కజొన్న + సోయా + తవుడు = 100
0.09 మొక్కజొన్న + 0.45 సోయా + 0.15 తవుడు = 22
సోయా ≤ 20
```

ఏ సరుకూ సున్నా కన్నా తగ్గకూడదన్నది చెప్పకుండానే ఉన్న షరతు. ఇలాంటి షరతులన్నీ కలిసి పలకలు, మూలలు ఉన్న ఒక ఆకారాన్ని గీస్తాయి. ఉత్తమమైన జవాబు ఉంటే అది ఏదో ఒక మూలలో తప్పక దొరుకుతుంది. సింప్లెక్స్ చేసేదల్లా ఒక మూలలో నిలబడి, పక్క మూల మెరుగ్గా ఉంటే అక్కడికి జరగడం, మెరుగైన పక్క మూల లేనప్పుడు ఆగడం. చిక్కంతా మొదలుపెట్టడంలోనే ఉంది. తొలి మూల ఎక్కడ?

షరతులన్నీ ‘ఇంతకు మించకూడదు’ అనే రకమైతే చిక్కు లేదు. ఏమీ కలపకపోవడమే తొలి మూల. సున్నా కిలోల సోయా 20 కిలోల పరిమితిని దాటదు, వాడని 20 కిలోలు మిగులుగా ఉంటాయి. ‘సరిగ్గా ఇంత’ అనే షరతులతో ఆ వెసులుబాటు పోతుంది. ఏమీ కలపకపోతే మొదటి వరుస సున్నా వందకు సమానమంటుంది, రెండోది సున్నా ఇరవై రెండుకు సమానమంటుంది. రెండూ అబద్ధాలే. సమానత్వాన్ని ‘మించకూడదు’, ‘తగ్గకూడదు’ అని రెండుగా విడదీసినా లాభం లేదు, ‘తగ్గకూడదు’ అన్న సగం దగ్గర అదే గోడ అడ్డొస్తుంది.

అందుకని ఈ పద్ధతి చేబదులు తీసుకుంటుంది. సమానత్వం ఉన్న ప్రతి వరుసలోనూ ఒక బూటకపు సరుకును కలుపుతుంది. పుస్తకాల్లో వీటిని కృత్రిమ చలరాశులు అంటారు. మన లెక్కలో వాటిని బరువు లోటు, ప్రొటీన్ లోటు అని పిలుద్దాం. మూడో వరుసకు చేబదులు అక్కర్లేదు, దానికి వాడని సోయా అనే నిజమైన మిగులు ఉంది.

```
మొక్కజొన్న + సోయా + తవుడు + బరువు లోటు = 100
0.09 మొక్కజొన్న + 0.45 సోయా + 0.15 తవుడు + ప్రొటీన్ లోటు = 22
సోయా + వాడని సోయా = 20
```

ఇప్పుడు ఏమీ కలపకుండానే మూడు వరుసలూ సరిపోతాయి. బరువు లోటు 100, ప్రొటీన్ లోటు 22, వాడని సోయా 20. తొలి మూల దొరికింది, కాకపోతే అది అరువు మూల. లోటులు కూడా సున్నా కన్నా తగ్గకూడదు కాబట్టి, కుడివైపు రుణ సంఖ్య ఉన్న వరుస ఏదైనా ఉంటే దాని గుర్తులన్నీ ముందే తిప్పి రాసుకోవాలి.

ధరలు ఇంకా రంగంలోకి రాలేదని గమనించండి. మొదటి దశలో ధరల ప్రసక్తే ఉండదు. అక్కడ తగ్గించవలసింది ఒక్కటే, రెండు లోటుల మొత్తం. అది సున్నాకు దిగితే చేబదులు తీరిపోయి అసలైన మూల చేతికొచ్చినట్టు. అక్కణ్ణుంచి రెండో దశ ధరలు తీసుకుని చవకైన మిశ్రమం కోసం బయలుదేరుతుంది. సున్నాకు దిగకుండా ఆగిపోతే రెండో దశ అనేదే ఉండదు.

మన లెక్కను నడిపి చూద్దాం. మొదట్లో మొత్తం లోటు 100, 22 కలిపి 122. ఒక కిలో మొక్కజొన్న వేస్తే బరువు లోటు కిలో, ప్రొటీన్ లోటు 0.09 తగ్గి, మొత్తం 1.09 తగ్గుతుంది. తవుడైతే 1.15, సోయా అయితే 1.45. అన్నింటికన్నా సోయా మేలు, కనుక సోయాను లోపలికి తెస్తాం. ఎంతవరకు? బరువు వరుస 100 దాకా ఒప్పుకుంటుంది, ప్రొటీన్ వరుస దాదాపు 48.9 దాకా, సోయా పరిమితి 20 దాకే. అన్నింటికన్నా చిన్నదే హద్దు. సోయా 20 అయింది, వాడని సోయా సున్నా అయింది. బరువు లోటు 80కి, ప్రొటీన్ లోటు 13కి దిగాయి. మొత్తం 93.

రెండో అడుగు. మిగిలిన వాటిలో తవుడు మేలు. బరువు వరుస 80 కిలోల దాకా ఒప్పుకుంటుంది, ప్రొటీన్ వరుస 86 పైచిలుకు దాకా. చిన్నది 80. తవుడు 80 వేయగానే బరువు లోటు సున్నా అయి బయటికి పోతుంది. ప్రొటీన్ 9 కిలోలు సోయా నుంచి, 12 కిలోలు తవుడు నుంచి, మొత్తం 21. లోటు ఒక కిలో.

ఇక్కడ ఆగి, ఈ మూలలో నిలబడి ప్రొటీన్ వరుసను తిరగరాస్తే వచ్చేది ఇది.

```
ప్రొటీన్ లోటు = 1 + 0.06 మొక్కజొన్న + 0.30 వాడని సోయా + 0.15 బరువు లోటు
```

మొదటి దశ ఫలితమంతా ఈ ఒక్క వరుసలో ఉంది. కుడివైపు ఉన్నవేవీ రుణ సంఖ్యలు కాలేవు, వాటి ముందున్న గుణకాలన్నీ ధనాత్మకాలు. ఏది పెంచినా లోటు పెరుగుతుందే తప్ప తరగదు. మెరుగైన పక్క మూల లేదు కనుక సింప్లెక్స్ ఆగింది. మొత్తం లోటు 1 దగ్గర ఆగింది కనుక ఆర్డర్ అసాధ్యం.

ఈ ‘అసాధ్యం’ అన్న మాటకు, మేనేజరు పది ప్రయత్నాల తర్వాత వేసే నిట్టూర్పుకు పోలిక లేదు. పై వరుస మన మూలకు మాత్రమే వర్తించే విషయం కాదు. మూడు షరతుల వరుసలను కలిపి, తీసి తయారుచేసిన సమీకరణం అది. కాబట్టి ఆ వరుసలను పాటించే ప్రతి మిశ్రమానికీ, మనం చూసినదానికీ చూడనిదానికీ, అది నిజం. అంటే ఇది రుజువు. దీన్ని నమ్మడానికి సింప్లెక్స్ తెలియనక్కర్లేదు కూడా. గుణకాలు చూపిన దారిలో ఇలా చెప్పవచ్చు. దాణా మొత్తం తవుడే అనుకుంటే 15 కిలోల ప్రొటీన్ వస్తుంది. తవుడు తీసి సోయా వేస్తే కిలోకు 0.30 కిలోల ప్రొటీన్ కలిసొస్తుంది, 20 కిలోలకు 6. తవుడు తీసి మొక్కజొన్న వేస్తే తగ్గుతుందే గానీ పెరగదు. కనుక గరిష్ఠం 21. అడిగింది 22. కంప్యూటరు పేరెత్తకుండా ఆర్డర్ ఇచ్చినవాడికి ఫోన్‌లో చెప్పగలిగిన మాట ఇది.

షరతులు కుదరనప్పుడల్లా ఇలాంటి సాక్ష్యం తప్పక ఉంటుందని హంగేరీ శాస్త్రవేత్త ఫార్కాశ్ సిద్ధాంతం చెబుతుంది. 1902 నాటి ఆయన వ్యాసంతో అది ప్రసిద్ధమైంది. సింప్లెక్స్ అప్పటికి పుట్టనే లేదు. మొదటి దశ చేస్తున్నది ఆ సాక్ష్యాన్ని వెతికి చేతిలో పెట్టడమే. జవాబు ఉంటే జవాబు చూపిస్తుంది, లేకపోతే లేదనడానికి ఆధారం చూపిస్తుంది. రెండూ కాని స్థితి సిద్ధాంతరీత్యా లేదు.

ఒక అభ్యంతరం చదువరికి ఇప్పటికే తట్టి ఉంటుంది. ఎనభై కిలోల తవుడుతో కోడిపిల్లలకు దాణా ఏమిటి? పీచు ఎక్కువ, శక్తి తక్కువ, ఏ పోషకాహార నిపుణుడూ ఒప్పుకోడు. నిజమే. అసలు మిల్లులో తవుడుకు పరిమితి ఉంటుంది. శక్తికి, కాల్షియానికి, లైసిన్‌కు వేరే వరుసలు ఉంటాయి. కానీ ఆ షరతులన్నీ వదిలేసి, తవుడు ఎంతైనా వేసుకోమని స్వేచ్ఛ ఇచ్చినా 22 రాలేదు. షరతులు కలుపుతూ పోతే ఉన్న మిశ్రమాలు తగ్గుతాయి తప్ప కొత్తవి పుట్టవు. కాబట్టి ఈ చిన్న లెక్కలో వచ్చిన ‘కుదరదు’ పెద్ద లెక్కలోనూ నిలుస్తుంది. ‘కుదురుతుంది’ అని వచ్చి ఉంటే అలా నిలిచేది కాదు.

లోటు ప్రొటీన్ వరుసలో మిగిలింది కాబట్టి తప్పు ప్రొటీన్ షరతుదే అనుకోవడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. లోటు ఎక్కడో ఒకచోట తేలాలి, అక్కడ తేలింది, అంతే. తగువు మూడు వరుసల మధ్య ఉంది. ప్రొటీన్ షరతు తీసేస్తే మిగతా రెండూ కుదురుతాయి. సోయా పరిమితి తీసేసినా కుదురుతుంది. బరువు షరతు తీసేసినా అంతే, 20 కిలోల సోయా, 86.67 కిలోల తవుడు కలిపితే 22 కిలోల ప్రొటీన్ వస్తుంది, దాణా మాత్రం 106.67 కిలోలవుతుంది. ఏ ఒక్కటి తీసినా మిగతావి రాజీపడే ఇలాంటి గుంపును వేరుచేసి చూపించే సదుపాయం పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. వందల షరతులున్న చోట అది ఎంతో పని తప్పిస్తుంది.

ఏది సడలించాలో నిర్ణయించేది మనిషే, ఎంత సడలించాలో మాత్రం ఆ వరుస చెబుతుంది. ప్రొటీన్‌ను 21కి తగ్గించమని అడగవచ్చు. లేదా సోయా పరిమితి పెంచవచ్చు. కిలోకు 0.30 చొప్పున ఒక కిలో లోటు పూడాలంటే 3.33 కిలోలు అదనంగా కావాలి. సోయా 23.33, తవుడు 76.67 వేసి చూసుకోండి, ప్రొటీన్ 22కు సరిపోతుంది.

మూడో దారి కొత్త సరుకు తేవడం. ఏది తేవాలి? సోయా హద్దులోనే ఉంది కాబట్టి కొత్త సరుకు తవుడు స్థానంలో రావాలి. అంటే నూటికి 15 వంతులకు మించి ప్రొటీన్ ఉన్నదైతేనే లోటు తగ్గుతుంది. జొన్నలు, సజ్జలు ఎన్ని బస్తాలు తెచ్చినా ఈ ఆర్డర్‌కు పనికిరావు. వేరుశనగ చెక్కలో 40 వంతులు ఉందనుకుంటే కిలోకు పావు కిలో చొప్పున కలిసొస్తుంది, నాలుగు కిలోలు చాలు. సోయా 20, వేరుశనగ చెక్క 4, తవుడు 76. వేరుశనగ చెక్కతో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం భయం ఉంటుంది కాబట్టి పరీక్ష చేయించకుండా వేయకూడదు. ఆ సంగతి ఈ సమీకరణాలకు తెలియదు.

ఆర్డర్ ఇచ్చినవాడు 21కి ఒప్పుకున్నాడనుకుందాం. ఇక్కడ కొత్తగా నేర్చుకునేవాళ్లు జారిపడే చోటు ఒకటుంది. అవే రెండు అడుగులు వేస్తే ప్రొటీన్ లోటు సరిగ్గా సున్నా అవుతుంది. మొత్తం లోటు సున్నా కాబట్టి మొదటి దశ గెలిచింది. కానీ ప్రొటీన్ లోటు అనే బూటకపు సరుకు ఇంకా లోపలే ఉంది, విలువ సున్నాగా. దాన్ని అలాగే వదిలి రెండో దశకు వెళ్తే ప్రమాదం. రెండో దశకు ధరలే కనిపిస్తాయి, లోటు కనిపించదు. పై వరుసను చూడండి. సోయా ఖరీదని రెండో దశ ఒక కిలో సోయా వాడకుండా వదిలేస్తే లోటు గుట్టుగా 0.30కి పెరుగుతుంది. చివరికి చవకైన దాణా అని ఒక జవాబు వస్తుంది, అందులో 21 కిలోల ప్రొటీన్ ఉండదు.

అందుకని రెండో దశకు ముందు దాన్ని బలవంతంగానైనా బయటికి పంపాలి. ఆ వరుసలో సున్నా కాని గుణకం ఉన్న నిజమైన సరుకును, ఇక్కడ మొక్కజొన్ననో వాడని సోయానో, దాని స్థానంలో కూర్చోబెడతారు. విలువ సున్నాయే కాబట్టి మిశ్రమం మారదు. 21కి నిజంగా ఒకే ఒక్క మిశ్రమం ఉంది, 20 సోయా, 80 తవుడు. ఎంచుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ధరలకు పని లేదు. ఒకవేళ ఆ వరుసలో నిజమైన సరుకుల గుణకాలన్నీ సున్నాలే అయితే, ఆ షరతు మిగతా షరతులు చెప్పినదే మళ్లీ చెబుతోందని అర్థం. వంద కిలోలకు 21 అని ఒక వరుస, రెండు వందల కిలోలకు 42 అని మరో వరుస రాస్తే అలా జరుగుతుంది. ఆ వరుసను కొట్టేయవచ్చు.

రెండు దశలు ఎందుకు, లోటులకు భారీ జరిమానా వేసి ధరలతో కలిపి ఒకేసారి చేయవచ్చు కదా అనే పద్ధతీ ఉంది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని బిగ్-ఎం అంటారు. కాగితం మీద అది చక్కగా నడుస్తుంది. కంప్యూటరులో జరిమానా ఎంత పెట్టాలన్నదే తలనొప్పి. తక్కువ పెడితే నిజమైన మిశ్రమం ఉన్నా, లోటు పెట్టుకోవడమే చవకని లెక్క తేల్చేస్తుంది. మరీ ఎక్కువ పెడితే ఆ పెద్ద అంకెల పక్కన రూపాయల్లోని ధరలు పూర్ణాంకీకరణ దోషాల్లో కొట్టుకుపోతాయి. కుదురుతుందా అన్న ప్రశ్నను ఎంతకు కుదురుతుందన్న ప్రశ్న నుంచి విడదీయడమే మేలని నా అభిప్రాయం.

ఈ లెక్కను స్వయంగా చేసి చూడాలనుకునేవారికి పైథాన్‌లో నాలుగు వరుసలు చాలు. చివరి రెండు నిలువు వరుసలు మన లోటులు.

```python
from scipy.optimize import linprog
A = [[1, 1, 1, 1, 0], [0.09, 0.45, 0.15, 0, 1]]
b = [(0, None), (0, 20), (0, None), (0, None), (0, None)]
print(linprog([0, 0, 0, 1, 1], A_eq=A, b_eq=[100, 22], bounds=b).fun)
```

జవాబు 1 వస్తుంది. లోటులు పెట్టకుండా అసలు షరతులనే ఇస్తే ఇదే `linprog` జవాబు బదులు `status` 2 ఇస్తుంది, అంటే కుదరదని. కుదరదని చెబుతుంది, ఎంత లోటో మాత్రం చెప్పదు. కంప్యూటరు దశాంశాలను కొంత మేరకే ఉంచుకుంటుంది కాబట్టి దానికి ‘సున్నా’ అంటే అచ్చమైన సున్నా కాదు, కోటిలో ఒక వంతు వంటి చిన్న హద్దు లోపలి అంకె. లోటు ఆ హద్దుకు దగ్గరగా వస్తే తీర్పును వెంటనే నమ్మకండి, ప్రమాణాలు చూసుకోండి. ప్రొటీన్‌ను కిలోల బదులు టన్నుల్లో రాస్తే మన ఒక కిలో లోటు 0.001గా కనిపిస్తుంది, గ్రాముల్లో రాస్తే 1000గా. లోటు ఉందా లేదా అన్నది మారదు, అంకె మాత్రం మారుతుంది. కనుక ఆ అంకెను ప్రమాణంతో కలిపే చదవాలి.

మిల్లు సాఫ్ట్‌వేరు ‘కుదరదు’ అన్నప్పుడు ధరల పట్టిక సవరించి మళ్లీ నడిపేవాళ్లు ఉంటారు. మొక్కజొన్న ధర సున్నా చేసినా ఆ జవాబు మారదు. మొదటి దశలో ధరలు లేవు. మార్చవలసినవి షరతులు, లేదా సరుకుల జాబితా.